సవరణ: ధోనీ పక్కన నేనున్న పోస్టర్ గురించి

"మధురవాడ స్టేడియంలో ధోనీని ఎప్పుడు కలిశావన్నా?" అని నా పోస్టర్ చూసి అడిగారు.

కలవలేదు. ఆ పోస్టర్ 2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్తాన్‌పై ఆయన కొట్టిన 148 పరుగుల మీద అభిమానంతో కంప్యూటర్‌లో చేసిన బొమ్మ. ఆర్కే బీచ్‌లో దిగిన నా ఫొటోని కత్తిరించి, నేను గీసిన ధోనీ పక్కన పెట్టాను. నా ఫొటో తీసిన స్నేహితుడు దీనికి ఒప్పుకున్నాడు. ధోనీ అనుమతి మాత్రం లేదు, అందుకే దీన్ని అమ్మను, ఏ దుకాణం ఫ్లెక్సీకీ ఇవ్వను.

"పోస్టు కింద ఫ్యాన్ ఆర్ట్ అని రాస్తే చాలు" అని మొన్న రాశాను, అది తప్పు. బొమ్మను సేవ్ చేసి వాట్సాప్‌లో పంపితే కింది రాత వెంట రాదని పోస్టర్లు డిజైన్ చేసే మిత్రుడు చూపించాడు. మూలన రాసినా డీపీ గుండ్రంగా కత్తిరించేటప్పుడు పోతుంది.

కొత్త పోస్టర్‌లో ఇద్దరి ఛాతీల మీదుగా తెల్లపట్టీ వేసి, "అభిమాని చేసిన బొమ్మ, నిజం ఫొటో కాదు" అని రాశాను. దాన్ని కత్తిరించి తీసేయాలంటే బొమ్మలోని మనుషుల్నీ కత్తిరించాల్సిందే. ఫోన్‌లో చిన్న బొమ్మగా చూసినా అక్షరాలు చదవగలిగేలా పెంచాను. పాతది మీ దగ్గరుంటే తీసేసి, ఇదే పంపండి.