13.09 కన్నా 13.23 ఎందుకు గొప్పది? గ్లాసరీ చెప్పాల్సింది ఇదే

స్పోర్ట్స్ జర్నలిజం మొదటి ఏడాది విద్యార్థుల కోసం తయారు చేసిన ఒక అథ్లెటిక్స్ పదాల జాబితా ఈ మధ్య నా చేతికొచ్చింది. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు దానికి తెలుగు. హర్డిల్స్ అంటే అవరోధాల పరుగు, విండ్ అసిస్టెడ్ అంటే పవన సహాయక. అంతే, అయిపోయింది. ఈ జాబితా మొత్తం బట్టీపట్టినవాళ్లు కూడా ఒక్క వార్త సరిగ్గా రాయలేరని నా గట్టి నమ్మకం.

ఎందుకో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ పరుగులే చెబుతాయి. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించింది. మే నెలలో సైప్రస్‌లో 13.23 సెకన్లు పట్టింది. ఏప్రిల్‌లో రాని జాతీయ రికార్డు, అంతకన్నా నెమ్మదిగా పరిగెత్తిన మేలో వచ్చింది! 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరిట ఉన్న 13.38 ఆరోజు చెరిగిపోయింది. ఇది చదివిన పాఠకుడు తికమకపడతాడు, మనవాళ్లేదో తప్పు రాశారనుకుంటాడు. 'పవన సహాయక' అన్న మాట అతనికి ఏ సాయమూ చేయదు.

కోజికోడ్ రిజల్ట్ షీట్‌లో 13.09 పక్కనే +2.1 అని ఉంది. పరిగెత్తేవాళ్లను వెనక నుంచి తోసిన గాలి వేగం అది, సెకనుకు మీటర్లలో. 2.0 దాటితే ఆ టైమ్ రికార్డుకు పనికిరాదు. ట్రాక్ పక్కన, ఫినిష్ లైన్‌కు 50 మీటర్ల దూరంలో, 1.22 మీటర్ల ఎత్తున విండ్ గేజ్ పెడతారు. హర్డిల్స్‌లో గన్ పేలినప్పటి నుంచి 13 సెకన్లపాటు కొలిచి సగటు తీస్తారు. ఇంకో సంగతి, రీడింగ్ 2.03 వచ్చినా దాన్ని 2.1గానే రాస్తారు, కిందికి దించరు. వెంట్రుకవాసిలో రికార్డు పోవడమంటే ఇదే.

డెస్క్‌లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఐటమ్ పొడవైందంటే ముందు కోసేసేది ఆ +2.1నే, ఎవరికీ అర్థంకాని అంకె కదా అని. ఆ అంకె పోగానే వార్త అబద్ధమైపోతుంది. అందుకే గ్లాసరీలో 'గాలి' అనే ఎంట్రీ ఇలా ఉండాలంటాను: 100, 200 మీటర్ల పరుగులు, 100, 110 మీటర్ల హర్డిల్స్, లాంగ్‌జంప్, ట్రిపుల్ జంప్ ఫలితాలకు గాలి అంకె తప్పక రాయాలి. 400 మీటర్లకు అక్కర్లేదు, ట్రాక్ మొత్తం చుట్టి వస్తారు కాబట్టి ఒకవైపు తోసిన గాలే ఇంకోవైపు అడ్డుపడుతుంది. 2.0 దాటినా పతకం పోదు, స్థానం మారదు, పోయేది రికార్డు ఒక్కటే. కాబట్టి 'ఫలితం రద్దు' అని ఎప్పుడూ రాయకూడదు. ఈ చివరి వాక్యమే పదానికి అర్థం చెప్పడం కన్నా ముఖ్యం, ఎందుకంటే కొత్తవాళ్లు చేసే తప్పు సరిగ్గా అక్కడే.

తెలుగు మాటలు పుట్టించకపోతే భాష ఎలా ఎదుగుతుందని కొందరు మాస్టార్లు అడుగుతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఎల్బీడబ్ల్యూను, నోబాల్‌ను మన పాఠకులు అనువాదంతో నేర్చుకోలేదు. రోజూ పేపర్లో, కామెంటరీలో సందర్భంతో సహా వింటూ నేర్చుకున్నారు. డక్‌వర్త్ లూయిస్ గురించి టీ కొట్టు దగ్గర వాదించుకునేవాళ్లకు గాలి లెక్క అర్థం కాదంటే నేను ఒప్పుకోను. మనం రాయలేదు, అంతే.

ఇంతకన్నా నన్ను తొలిచేసే విషయం ఇంకొకటుంది. 2020లో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03 సెకన్లలోనే పరిగెత్తింది. అప్పుడు అడ్డొచ్చింది గాలి కాదు. డోప్ టెస్ట్ జరగలేదని ఆ టైమ్‌ను రికార్డుగా గుర్తించలేదు. అమ్మాయి తన పని తను చేసింది, మిగతా ఏర్పాట్లు చేయాల్సింది ఆమె కాదు కదా! జిల్లా మీట్లలో పరిస్థితి ఇంకా ఘోరం. చాలాచోట్ల విండ్ గేజే ఉండదు, స్టాప్‌వాచ్ చేత్తో నొక్కి టైమ్ రాసుకుంటారు. రిజల్ట్ షీట్‌లో NWI అని కనిపిస్తే గాలి కొలవలేదని అర్థం. ఆ మూడక్షరాలు కూడా గ్లాసరీలో ఉండాలి. వాటి కింద విద్యార్థి అడగాల్సిన ప్రశ్న కూడా ఉండాలి: గేజ్ ఎందుకు పెట్టలేదు, ఫొటో ఫినిష్ కెమెరా ఎందుకు లేదు? నిర్వాహకుల జవాబు వార్తలో రావాలి, ఆ పరుగు గెలిచిన పిల్ల పేరు పక్కనే రావాలి.