డ్రెస్సింగ్ రూము సంప్రదాయాలకు ముప్పు

అనంతపురంలో క్రికెట్ ఎదుగుతోందనడానికి వేరే రుజువు అక్కర్లేదు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మన ఆర్డీటీ మైదానంలోనే జరిగాయి. గ్రౌండు సంగతి అట్లుంచితే, చిన్న టీముల డ్రెస్సింగ్ రూముల్లో పెద్దలు కాపాడుకుంటూ వస్తున్న సంప్రదాయాలకు మాత్రం గడ్డుకాలం వచ్చింది. కొత్త కుర్రాళ్లు అలుగుతున్నారు. వాళ్ల నాయనలు కోచ్‌లకు ఫోన్లు చేస్తున్నారు. కనుక సీనియర్ల తరఫున వకాల్తా పుచ్చుకోక తప్పడం లేదు.

ఉదాహరణకు ఒక టీమును ఊహించుకోండి. కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఎడమచేతి పేస్ వేసే కుర్రాడొకడు చేరతాడు. వాళ్లది శెనక్కాయ సేద్యం. మొదటి రోజే ‘శెనక్కాయ’ అని నామకరణం జరిగిపోతుంది. వాడూ నవ్వుతాడు. రెండో రోజు నలుగురి కిట్ బ్యాగులు మోస్తాడు. కొత్తవాళ్లు మోయడం మామూలే, దానికెవరూ చచ్చిపోరు. మూడో రోజు స్నానం చేసి వచ్చేసరికి బట్టలుండవు. తువ్వాలు మీదే బెంచీ ఎక్కి పాట పాడితే ఇస్తామంటారు. వాడు తలుపు వైపు చూస్తాడు. తలుపు దగ్గర వికెట్ కీపర్ నిలబడి ఉంటాడు, మ్యాచ్‌లో ఎన్నడూ కనిపించని చురుకుతనంతో. రెండో చరణానికల్లా వీడియో టీమ్ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. ‘ఏమప్పా, తమాషాకేలే’ అని కెప్టెన్ భుజం తడతాడు.

ఆదివారం మ్యాచ్‌లో కుర్రాడు వరసగా వైడ్లు వేస్తాడు. ఆ పై వారం ప్రాక్టీసుకే రాడు. ‘మెంటల్‌గా స్ట్రాంగ్ కాడు’ అని టీమ్ తీర్మానిస్తుంది. ఆ టీముకు ఉన్న ఒకే ఒక్క లెఫ్టార్మ్ పేసర్ వాడేననుకోండి, అది వేరే విషయం.

మా సీనియర్ల దగ్గర శాస్త్రం కూడా ఉంది. 1959లో ఆరన్సన్, మిల్స్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కాలేజీ అమ్మాయిలను ఒక చర్చా బృందంలో చేర్చుకునే ముందు కొందరి చేత సిగ్గుతో చచ్చిపోయే మాటలు పైకి చదివించారు. ఎక్కువ ఇబ్బంది పడ్డవాళ్లే ఆ చర్చ బాగుందన్నారు. చూశారా, అవమానపడితేనే అభిమానం పుడుతుంది! ఒక్కటే చిక్కు. వాళ్లకు వినిపించిన చర్చను కావాలనే పరమ చప్పగా తయారుచేశారు. ఇంత పడ్డాక ఇది చెత్త అని ఒప్పుకోవడానికి మనసు రాదు గదా. నిరుడు బెంచీ ఎక్కి పాడినవాడే ఈ ఏడు తలుపుకు అడ్డం నిలబడటం అందుకే. తను పడింది దండగ కాదని తేల్చుకోవాలంటే ఇంకొకడు పాడాలి. ఆ పరిశోధనలో ఎవరూ బౌలింగ్ వేయలేదు కాబట్టి వైడ్ల సంగతి అందులో తేలలేదు.

కోహ్లీ కథ కూడా వీళ్లకు కంఠోపాఠం. కొత్తగా వచ్చినవాళ్లంతా సచిన్ కాళ్లు మొక్కాలని తోటివాళ్లు నమ్మిస్తే, అతను నిజంగానే మొక్కబోయాడు. నిజమే, తర్వాత ఇంటర్వ్యూల్లో తనే నవ్వుతూ చెప్పుకున్నాడు. కానీ సంప్రదాయం దృష్ట్యా అందులో లోపాలెన్నో. ఒక్క నిమిషంలో అయిపోయింది. ఒంటి మీద బట్టలు ఒంటి మీదే ఉన్నాయి. తలుపుకు ఎవరూ అడ్డం నిలబడలేదు. అంతకంటే ఘోరం 2005లో కొచ్చిలో జరిగింది. గంగూలీ తన జట్టువాళ్ల మీదే నిందలు వేసినట్టు దొంగ పేపరు వార్త తయారుచేసి కెప్టెన్‌నే ఆడుకున్నారు. ఆయన పాపం నిజమనుకుని కెప్టెన్సీ వదిలేస్తానన్నాడు. ఇట్లాంటి జోకు మన దగ్గర పనికిరాదు. టీమ్ లిస్టు రాసేవాడి మీద జోకు వేయడం వాతావరణం పాడుచేయడం. లిస్టులో పేరుంటుందో లేదోనని టెన్షన్ పడేవాడి మీద వేస్తే టీమ్ స్పిరిట్.

చట్టం గురించి భయపడేవాళ్లకు ఒక మాట. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. విద్యార్థులను అవమానించినా 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. క్యాంపస్ బయట చేసినా వర్తిస్తుంది కాబట్టి కాలేజీ జట్టు టూరుకు పోయిన బస్సు కూడా సురక్షితం కాదు. అయితే ఆ చట్టం విద్యాసంస్థలకే. ప్రైవేటు క్లబ్బు దాని కిందికి రాదు. కొట్టినా, గదిలో పెట్టి కదలనీయకపోయినా మామూలు క్రిమినల్ చట్టం ఎటూ ఉందనుకోండి, అంతదాకా పోయే పల్లె కుర్రాడు ఎవడు?

కాబట్టి క్లబ్బులకు నా సూచన ఒకటే. ఈ సీజన్‌లో బెంచీ కార్యక్రమాన్ని పైనుంచి మొదలుపెట్టండి. ముందు సెక్రటరీగారు, తర్వాత కోచ్, తర్వాత కెప్టెన్, అదే తువ్వాలుతో. వీడియో అదే గ్రూపులో. ఈ ప్రతిపాదన ఒక కోచ్‌గారికి వినిపించాను. ‘అదేం మాట సార్, నాకు మర్యాద లేదా?’ అన్నారు.