సార్, A నుంచి C కి గీత ఉందా లేదా?

ఇప్పుడే వచ్చింది రిప్లై. నాలుగు రోజులు ఎదురుచూస్తే నాలుగు మాటలు. ‘కీతో సరిపోలేదు, నోట్స్ చూడండి.’ కింద ఫోన్ కంపెనీ సంతకం ఒకటి, అదే మెయిల్ కన్నా పొడుగ్గా ఉంది.

ఫైనల్ ఇయర్‌లో ఉండి నాలుగో సెమిస్టర్ అల్గారిథమ్స్ పేపర్ మళ్ళీ రాస్తున్న నాలాంటి వాళ్ళకు ఈ బాధ విడిగా చెప్పక్కర్లేదు. బుధవారం ఇంటర్నల్స్. క్వశ్చన్ బ్యాంకులో బీఎఫ్‌ఎస్ లెక్క ఒకటి ఉంది, అదే, ఒక నోడ్ నుంచి మొదలుపెట్టి దగ్గరివి ముందు, దూరంవి తర్వాత చూసుకుంటూ పోయే పద్ధతి. ఈసారి ఎక్కడా పోకూడదని నేనే చేసి, ప్రతి మెట్టూ టైప్ చేసి, ‘సార్, ఇది సరేనా, ఒకసారి కన్ఫర్మ్ చేయగలరు’ అని మర్యాదగా పంపాను. గౌరవనీయులైన సార్‌తో మొదలుపెట్టి మీ విధేయుడితో ముగించాను. పెళ్ళి శుభలేఖకు కూడా మా ఇంట్లో అంత జాగ్రత్తగా రాయలేదు.

గ్రాఫ్ చిన్నది. ఆరు నోడ్లు, వాటిని కలిపే గీతలు, అంటే ఎడ్జ్‌లు, ఏడు. A–B, A–C, B–C, B–D, C–E, D–F, E–F. మొదలు A నుంచి, పొరుగు నోడ్లను అక్షరక్రమంలో తీసుకోవాలి. నేను పంపింది ఇదీ, బ్రాకెట్లో ఉన్నది A నుంచి దూరం:

```
తీసింది   చేర్చింది     క్యూ
-         A(0)          A
A         B(1) C(1)     B C
B         D(2)          C D
C         E(2)          D E
D         F(3)          E F
E         -             F
F         -             ఖాళీ
```

ఇందులో చూడాల్సింది B వరస. B ని బయటికి తీశాక దాని పొరుగున A, C, D ఉన్నాయి. A అయిపోయింది. C ఇంకా క్యూలోనే నిలబడి ఉంది, బయటికి రాలేదు. కానీ A దాన్ని క్యూలోకి పంపినప్పుడే ‘చూశాం’ అని గుర్తు పెట్టేశాం కాబట్టి దాన్ని మళ్ళీ ముట్టుకోం. D ఒక్కటే కొత్తది, అది చేరుతుంది. అంతే కథ. ప్రతి నోడూ క్యూలోకి ఒక్కసారే వెళ్తుంది, ఒక్కసారే వస్తుంది. ఆరు నోడ్లు, ఆరు చేర్పులు.

సరే, నోట్స్ చూడమన్నారు కదా, చూశాను. గేటు పక్కన జిరాక్స్ షాపులో అమ్మే స్పైరల్ బైండింగే సార్ నోట్స్. మా సీనియర్ల సీనియర్ల కాలం నుంచి అదే. జిరాక్స్‌కు జిరాక్స్, దానికి ఇంకో జిరాక్స్ తీసి తీసి E ఏదో F ఏదో తెలియడానికి దీపం కింద పెట్టి చూడాలి. అందులో సరిగ్గా ఇదే గ్రాఫ్ ఉంది. జవాబు దగ్గర C పక్కన 2 అని ఉంది.

రెండు!

A నుంచి C కి నేరుగా గీత ఉంది స్వామీ. బొమ్మలో ఉంది, అదే పేజీలో, అదే పెన్నుతో గీసి ఉంది. గీత ఉన్న చోట దూరం రెండెలా అవుతుంది? మా పీజీ నుంచి ఎదురుగా ఉన్న దర్శిని హోటల్‌కు రోడ్డు దాటితే చాలు. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు దాకా వెళ్ళి అక్కడి నుంచి బస్సు పట్టుకుని రమ్మన్నట్టుంది.

అలా ఎందుకొచ్చిందో కనుక్కోవడానికి గంట పట్టింది. నోట్స్‌లో ‘చూశాం’ అన్న గుర్తు నోడ్ క్యూలోకి వెళ్ళేటప్పుడు కాదు, బయటికి వచ్చినప్పుడు పెడుతున్నారు. అంటే `u = q.popleft()` తర్వాత `visited[u] = True`. దూరం మాత్రం చేర్చేటప్పుడు రాస్తున్నారు. ఇప్పుడు B ని తీసినప్పుడు ఏమవుతుంది? C ఇంకా క్యూలో ఉంది కానీ గుర్తు లేదు. కాబట్టి కొత్తదే అనుకుని మళ్ళీ చేరుస్తారు, దాని దూరాన్ని 1 నుంచి కొట్టేసి 2 చేస్తారు. క్యూలో C, C, D. తర్వాత C ని తీస్తే E కి 3 పడుతుంది. D ని తీస్తే F కి 3, బాగానే ఉంది అనుకునేలోపు E వచ్చి దాన్నే 4 చేసిపోతుంది. ఆరు నోడ్ల గ్రాఫ్‌కు ఎనిమిది చేర్పులు, మూడు తప్పు దూరాలు.

దర్శినిలో టోకెన్ లైన్లో నిలబడేటప్పుడే ఇస్తారు. దోశ చేతికొచ్చాక ఇస్తే ఒకే మనిషి పేరు లైన్లో రెండుసార్లు ఉంటుంది. ఇది అర్థం కావడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు.

ఇంకా కడుపుమంట ఏంటంటే, వరస మాత్రం రెండింట్లోనూ ఒక్కటే. నాదీ A B C D E F, నోట్స్‌దీ A B C D E F. రెండోసారి వచ్చిన C ని, F ని వాళ్ళు వదిలేస్తారు కాబట్టి వరసలో తేడా కనపడదు. అందుకే ఇన్నేళ్ళు ఎవరూ పట్టుకోలేదు. పరీక్షలో వరస అడిగితే అందరికీ మార్కులు, దూరం అడిగితే కరెక్టుగా చేసినవాడికి సున్నా. ఇదీ మన వ్యవస్థ.

న్యాయంగా ఒక మాట చెప్తాను, లేకపోతే కామెంట్లలో ఎవరో ఒకరు దూకుతారు. బయటికి తీసేటప్పుడు గుర్తు పెట్టడమే మహాపాపం కాదు. దూరాన్ని నోడ్‌తో పాటే జంటగా క్యూలో పెట్టి, మొదటిసారి బయటికి వచ్చినప్పటి దూరాన్నే నమ్మి, తర్వాత వచ్చినవి పారేస్తే జవాబు సరిగ్గానే వస్తుంది. క్యూ కాస్త బరువవుతుంది, అంతే. స్టాక్‌తో డీఎఫ్‌ఎస్ రాసేటప్పుడైతే బయటికి తీసేటప్పుడే గుర్తు పెట్టాలి కూడా, లేకపోతే అసలైన లోతు వరస రాదు. నా అనుమానం అదే. ఎవరో మహానుభావుడు డీఎఫ్‌ఎస్ పేజీ తీసుకుని స్టాక్ కొట్టేసి క్యూ అని రాసి, పక్కన దూరం కలిపి వదిలాడు. ఆ తర్వాత జిరాక్స్ షాపు దాన్ని వేదం చేసింది.

సార్‌కు సరిచూసే టైం లేదంటారా? ఒక్క నిమిషం పని. ప్రతి గీత తీసుకుని రెండు చివరల దూరాలు చూడాలి. ఇలాంటి వన్‌వే లేని గ్రాఫ్‌లో ఆ తేడా సున్నానో ఒకటో ఉండాలి, రెండు ఉంటే తప్పు. ఎందుకంటే ఒక చివరకు చేరినవాడు ఇంకో అడుగు వేస్తే రెండో చివర ఉంటాడు. తర్వాత A తప్ప ప్రతి నోడ్‌కూ తనకన్నా ఒకటి తక్కువ దూరంలో ఒక పొరుగు ఉండాలి. ఈ రెండూ నిలబడితే దూరాలు కరెక్ట్. నా జవాబులో ఏడు గీతలూ నిలబడ్డాయి. నోట్స్‌లో A–C దగ్గర 0, 2. D–F దగ్గర 2, 4. రెండు చోట్ల పట్టుబడింది. నేను మెయిల్ చివర ఇది కూడా రాశాను సార్, మీరు స్క్రోల్ చేయలేదు.

అసలు నాకీ బ్యాక్‌లాగ్ ఎందుకొచ్చిందో తెలుసా? అప్పుడూ ఇదే బీఎఫ్‌ఎస్. పేపర్లో పొరుగు నోడ్లను ఏ క్రమంలో తీసుకోవాలో చెప్పలేదు. ఎక్కడా లేదు, ఇప్పటికీ నా దగ్గర ఆ పేపర్ ఉంది, మడత పెట్టి పర్సులో పెట్టుకున్నాను, మనిషికి కొన్ని జ్ఞాపకాలు ఉండాలి కదా. నేను వెనక నుంచి, అంటే చివరి అక్షరం ముందు తీసుకున్నాను. ఇదే గ్రాఫ్‌లో అలా చేస్తే A C B E D F వస్తుంది. దూరాలు ఏమాత్రం మారవు, ఒకే దూరంలో ఉన్న నోడ్లు వాటిలో అవి చోటు మార్చుకుంటాయి, అంతే. అదీ సరైన బీఎఫ్‌ఎస్సే. కీలో అక్షరక్రమం ఉందని ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత. సబ్జెక్టు పోయింది రెండు మార్కులతో. అడగడానికి వెళ్తే ‘పాస్ అయినవాళ్ళందరికీ ఎలా వచ్చింది?’ అన్నారు. దీనికి ఏం చెప్తాం? అందరూ ఒకే జిరాక్స్ కొన్నారు సార్, అలా వచ్చింది.

ఆ రెండు మార్కుల వల్ల క్యాంపస్‌కు వచ్చిన మొదటి కంపెనీకి నన్ను కూర్చోనివ్వలేదు. ‘యాక్టివ్ బ్యాక్‌లాగ్ ఉండకూడదు.’ మా బెంచీలో కూర్చునేవాడు వెళ్ళాడు. ఇంటర్వ్యూలో వాణ్ణి ఏమడిగారో ఊహించండి. గ్రిడ్‌లో అతి తక్కువ అడుగుల దారి. బీఎఫ్‌ఎస్! వాడు నోట్స్ పద్ధతిలోనే రాశాడు, పైగా రెండోసారి బయటికి వచ్చినవాటిని వదిలేయడం మరిచాడు, పెద్ద గ్రిడ్ ఇచ్చేసరికి క్యూ ఉబ్బిపోయి టైం దాటిపోయింది. గుమ్మంలో నిలబడి నాకు ఫోన్ చేసి ‘ఎందుకురా స్లో అయింది’ అని అడిగాడు. కూర్చోనివ్వని నన్ను!

ఇదంతా చూస్తే నాకు తొలినాళ్ళ కంప్యూటర్లు కట్టిన జర్మన్ ఇంజినీరు కొన్‌రాడ్ జూజ్ గుర్తొస్తున్నాడు. బీఎఫ్‌ఎస్‌ను 1945లోనే రాసుకున్నాడాయన, పీహెచ్‌డీ థీసిస్‌లో. ఆ థీసిస్‌ను అంగీకరించలేదు. అచ్చులోకి వచ్చేసరికి 1972. ఈలోగా 1959లో ఎడ్వర్డ్ మూర్ చిక్కుదారిలో దగ్గరి బాట వెతకడానికి అదే పద్ధతి విడిగా ప్రచురించాడు. జూజ్ గారూ, మీకూ ‘కీతో సరిపోలేదు’ అనే చెప్పి ఉంటారు లెండి.

మా రూమ్మేట్ గుంటూరు వాడు, ప్రశాంతంగా మ్యాగీ తింటూ ‘ఒరేయ్, నోటెడ్ సార్ అని పెట్టి పడుకో’ అంటున్నాడు. అమ్మకు ఫోన్ చేస్తే హిందూపురం నుంచి ఒకటే మాట: ‘సారుతో నీకెందుకప్పా, ఊరికే ఉండు, పాసైతే చాలు.’ వాళ్ళిద్దరిదీ ప్రాక్టికల్ ఆలోచనే, కాదనను. బుధవారం C పక్కన 2 అని రాస్తే మార్కు పడుతుంది. 1 అని రాస్తే పడకపోవచ్చు.

ఇంకో మెయిల్ రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్నాను. ఒకటే లైను: ‘సార్, A నుంచి C కి గీత ఉందా లేదా?’ గౌరవనీయులైన తీసేశాను, విధేయుడూ లేడు. పంపాలా వద్దా అని అరగంటగా చూస్తున్నా.

ఈలోగా మన కాలేజీ సీనియర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక సాయం చేయండి. మీ స్పైరల్ బైండింగ్ అటక మీద ఉంటే దించి, బీఎఫ్‌ఎస్ పేజీ ఫోటో పెట్టండి. మీ కాలంలో కూడా C పక్కన 2 ఉందా, లేక అది మొదట 1 అయ్యుండి జిరాక్స్‌లో చెడిందా, ఇవాళ నాకు తెలియాలి.