మూడు నెలలు తిరిగితే మా మేనల్లుడి చేతికొచ్చింది 3,200 రూపాయలు

ఇప్పుడే మా అక్క ఇంటి నుంచి వస్తున్నా. కోపం ఇంకా దిగలేదు, అందుకే రాస్తున్నా.

మా మేనల్లుడు కాజీపేటలో ఉంటాడు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం కోసం చూస్తున్నాడు. మూడు నెలల కింద వాడికి ఒక సోలార్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇంటి మీద సోలార్ పెట్టించుకునేవాళ్లను చూపిస్తే ఒక్కో సిస్టమ్‌కి 10,000 వరకు కమీషన్, నెలకు 50,000 సులభంగా సంపాదించొచ్చు అని. వాడు నమ్మాడు. బండి మీద కాజీపేట, హసన్‌పర్తి, ధర్మసాగర్ అంతా తిరిగి 38 పేర్లు పంపాడు. ఈరోజు సాయంత్రం లెక్క వచ్చింది. కమీషన్ 4,000. అందులో టీడీఎస్ 800. మిగిలింది 3,200. వాడి పెట్రోల్ ఖర్చు అంతకంటే ఎక్కువ.

"మామా, పదివేలు అన్నరు కదా" అని వాడు ఫోన్ చూపిస్తుంటే నాకు మాట రాలేదు.

ఆ మెయిల్ తీసి మళ్లీ మళ్లీ చదివాను. మోసం అంతా "వరకు" అన్న ఒక్క మాటలో ఉంది. వాడు పనిలో దిగిన రెండు నెలలకు గానీ రేట్ల పట్టిక పంపలేదు. అందులో 10,000 ఉన్నది 10 కిలోవాట్లు, ఆపైన పెట్టించేవాళ్లకు. మన దగ్గర మామూలు ఇంటికి అంత ఎవరు పెట్టిస్తారు? పీఎం సూర్యఘర్ కింద కేంద్రం ఇచ్చే సబ్సిడీ 3 కిలోవాట్లకే 78,000కి చేరి ఆగిపోతుంది. అందుకే ఎక్కువ మంది 3 కిలోవాట్ల దగ్గరే ఆగుతారు. దానికి కమీషన్ 4,000. ఈ సంగతి కంపెనీకి మొదటి రోజే తెలుసు. తెలిసి కూడా మెయిల్‌లో పదివేలే రాశారు.

నేను హన్మకొండలో ఒక సోలార్ డీలర్ దగ్గర మూడేళ్లు ఆఫీసు పని చూశాను. ఇలాంటి మెయిళ్లు నేనే రాసేవాణ్ని. అందుకే ఇది నాకు ఇంత మండుతోంది.

పేరు ఇవ్వగానే పని అయిపోదు. మావాడు ఇచ్చిన 38 మందిలో ఫోన్ ఎత్తి సరిగ్గా మాట్లాడినవాళ్లు 22 మంది. ఇల్లు చూడటానికి రమ్మన్నవాళ్లు 9 మంది. అందులో ఒకరి మీటర్ ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉంది, పేరు మారిస్తే గానీ దరఖాస్తు ముందుకు పోదు. ఇంకొకరి డాబా మీద పక్కింటి వేపచెట్టు నీడ మధ్యాహ్నం దాకా పడుతుంది. అన్నదమ్ముల ఉమ్మడి డాబా ఒకటి, ఒకాయన సంతకం పెట్టనన్నాడు. చివరికి ముగ్గురు ఒప్పుకున్నారు. ఒకరికి బ్యాంకు లోన్ దగ్గర ఆగింది. ఒకరికి ప్యానెళ్లు బిగించారు, లైన్‌లోకి పంపిన కరెంటును కూడా లెక్కపెట్టే నెట్ మీటర్ రాలేదు. అన్నీ పూర్తయింది ఒక్కరికే.

38 పేర్లకు ఒక్క కమీషన్. ఇది మావాడి తప్పు కాదు, ఈ పని తీరే ఇంత. నేను పనిచేసినప్పుడు కూడా పది పేర్లలో ఒకటి తేలితే మంచి నెల అనుకునేవాళ్లం. మరి నెలకు 50,000 అని రాసిన మనిషి ఏ లెక్క వేసి రాశాడు? 4,000 చొప్పున నెలకు పన్నెండు, పదమూడు ఇళ్లు పూర్తి కావాలి. అంటే నెలకు నూటపాతిక పేర్లు, వచ్చినవన్నీ కొత్త ముఖాలు. ఎంతమంది చుట్టాలున్నా ఆ లెక్క రెండో నెలకే ఆగిపోతుంది.

ఇక టీడీఎస్. పాన్ నంబర్ ఇవ్వలేదని 20 శాతం కోశారట. వాణ్ని పాన్ అడిగిందెవరు? అసలు కమీషన్ మీద టీడీఎస్ కోయాల్సింది ఒక ఆర్థిక సంవత్సరంలో ఇచ్చేది మొత్తం 20,000 దాటితేనే. రేటు కూడా 2024 అక్టోబర్ నుంచి 2 శాతమే. 4,000 మీద కోయడానికే లేదు. ఆ 800 వాడి డబ్బే.

నేను పంపిన మెయిల్ ఎలా ఉండేదో చెబుతా, పోల్చుకోండి. ఏజెంటుగా చేస్తామని నంబరు, మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్లకు మాత్రమే పంపేవాణ్ని. మొదటి పేరాలోనే రేటు: 3 కిలోవాట్లకు ఇంత, 5కి ఇంత. ఆ కింద ఇలా రాశాను: "కమీషన్ మీరు పేరు ఇచ్చినప్పుడు రాదు. కస్టమర్ అడ్వాన్స్ కట్టినప్పుడు సగం, నెట్ మీటర్ బిగించిన తర్వాత 7 రోజుల్లో మిగతా సగం. కస్టమర్ మధ్యలో మానుకుంటే తీసుకున్న సగం తర్వాతి లెక్కలో తగ్గిస్తాం. మీరు ఇచ్చిన పేరు 90 రోజులు మీదే. చేరడానికి మాకు ఏమీ కట్టొద్దు. తీరిక వేళల్లో చేసేవాళ్లకు కొన్ని నెలలు ఒక్కటి కూడా తేలకపోవచ్చు. ఇల్లు గడవడానికి దీన్ని నమ్ముకోవద్దు."

మా ఓనర్ చదివి లేచాడు. "గిట్ల రాస్తే ఎవడొస్తడయ్యా?" అన్నాడు. నలభై మందికి పంపితే ఆరుగురే బదులిచ్చారు. కానీ ఆ ఆరుగురిలో నలుగురు ఏడాది తర్వాత కూడా మాతోనే ఉన్నారు. వాళ్లు ఇచ్చిన పేర్లు కూడా గట్టివి, ఎందుకంటే ఇల్లు, మీటరు ఎవరి పేరున ఉందో ముందే కనుక్కుని ఇచ్చేవాళ్లు. ఏం తేలుతుంది, ఏం తేలదు అని మేం ముందే చెప్పాం కాబట్టి.

ఆ 90 రోజుల మాట ఎందుకు పెట్టానో కూడా చెప్పాలి. అది నా సొంత గాయం.

నేను డిగ్రీ అయిన కొత్తలో ఒక జూనియర్ కాలేజీకి అడ్మిషన్లు పట్టాను. టెన్త్ రిజల్ట్స్ వచ్చిన రోజు నుంచి పరకాల వైపు ఊళ్లన్నీ సైకిల్ మీద తిరిగాను. ఒక్కో అడ్మిషన్‌కి 2,000 అన్నారు. కాగితం లేదు, నోటి మాటే. తొమ్మిది మంది పిల్లలను చేర్పించాను. ఒకమ్మాయి తండ్రి, కూలి పని చేసేవాడు, మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుని "సారూ, మీరు చెప్పినరనే చేరుస్తున్న" అన్నాడు. డబ్బు అడగడానికి పోతే ఆఫీసులో రిజిస్టర్ తిప్పి నాలుగే చూపించారు. మిగతా ఐదుగురు "డైరెక్టుగా వచ్చిన్రు" అన్నారు. ఎందుకంటే వాళ్లు ఫారం మీద నా పేరు రాయలేదు. రాయాలని నాకెవరూ చెప్పలేదు. ఆ కూలి మనిషి కూతురు కూడా "డైరెక్ట్" లెక్కలోనే పోయింది. పదివేలు పోయాయి. ఆ రిజిస్టర్ పేజీ నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

అందుకే మావాడికి మొదట అడిగింది ఇదే: ఆ 38 పేర్లు మెయిల్‌లో పంపావా, ఫోన్లో చెప్పావా? వాడు వారం వారం మెయిల్‌లోనే పంపాడు, తేదీలతో సహా అన్నీ ఉన్నాయి. అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నా.

ఇద్దరం కూర్చుని బదులు రాశాం. కోసిన 800 తిరిగి వేయండి. ప్యానెళ్లు బిగించిన ఆ రెండో ఇంటికి నెట్ మీటర్ వచ్చాక 4,000 ఏ తేదీకి ఇస్తారో రాసి పంపండి. లోన్ దగ్గర ఆగిన మూడో మనిషి ఆరు నెలల తర్వాత పెట్టించుకున్నా ఆ పేరు మావాడిదేనా కాదా చెప్పండి. కింద 38 పేర్లు, పంపిన తేదీలు పెట్టాం. పది నిమిషాల కింద పంపాడు. ఏం బదులొస్తే అది ఇక్కడే పెడతా.