కత్తులు వద్దు, కొటేషన్లు ముద్దు

బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్లలో పొద్దున్నే జోస్యం కార్డు తీసి గానీ గడప దాటని మన తెలుగువాళ్లు రెండు పార్టీలుగా చీలిపోయారు కనుక, ఈ విషయాన్ని ఇక తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఒకటి టారో పార్టీ, రెండోది ఒరాకిల్ పార్టీ. ఒరాకిల్ వాళ్లని గుర్తుపట్టడం సులువు, సోమవారం పొద్దున లిఫ్టులో కూడా వాళ్ల ముఖాలు వెలిగిపోతుంటాయి.

టారో కట్టలో 78 ముక్కలు. 22 మేజర్ ఆర్కానా అనే పెద్ద ముక్కలు, మిగతా 56 మన పేకముక్కల్లాగే నాలుగు రంగులు: వాండ్స్, కప్స్, స్వార్డ్స్, పెంటకిల్స్. అసలిది 15వ శతాబ్దంలో ఇటలీలో పేకాటగానే పుట్టింది, జోస్యం తర్వాతెప్పుడో తగులుకుంది, కాబట్టి గోదావరి జిల్లాలవాళ్లు దీన్ని పరాయి విద్య అనుకోనక్కర్లేదు. ఒరాకిల్ కట్టకి ఇలాంటి రూలేమీ లేదు. ముప్పై ముక్కలైనా, అరవై అయినా తయారుచేసినవాళ్ల ఇష్టం. రంగులు అక్కర్లేదు. బొమ్మ కింద సాధారణంగా 'విశ్రాంతి', 'ధైర్యం', 'నిన్ను నువ్వు నమ్ము' లాంటి మాట అచ్చువేసి ఉంటుంది, చాలనివాళ్లకి పక్కనే చిన్న పుస్తకం.

గొడవంతా స్వార్డ్స్ దగ్గరే. 78లో అవి 14. రోజూ బాగా కలిపి ఒక్క ముక్క తీస్తే, ఆఫీసుండే ఐదు రోజుల్లో కనీసం ఒకసారి కత్తి పడే అవకాశం అరవై శాతం పైమాటే. పైగా 1909లో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలు, ఇవాళ ఎక్కువమంది వాడే కట్టకి ఇవే మూలం, ఏమీ దాచవు. మూడు కత్తుల ముక్కలో గుండెకి మూడు పోట్లు, వెనకాల వాన. పది కత్తుల ముక్కలో ఒకడు బోర్లాపడి ఉంటాడు, వీపున పదీ దిగి ఉంటాయి. ఒక్కటి చాలదా అని అడిగేవాళ్లు లేరు. ఇడ్లీ తింటూ చూడాల్సిన బొమ్మలా అవి?

ఉదాహరణకి మా పై ఫ్లాట్లో ఒకావిడ ఉన్నారు. 'ఇవాళ మేనేజర్ని లీవు అడగొచ్చా?' అని తీస్తే ఎనిమిది కత్తుల ముక్క పడింది. కళ్లకి గంతలు, ఒంటికి కట్లు, చుట్టూ కత్తులతో ఒకామె. ఈవిడ హడలిపోయి లీవు మాట మరిచి, రాని పనికి కూడా సారీ చెప్పి వచ్చారు. నిదానంగా చూసుంటే తెలిసేది, బొమ్మలో ఆమె కాళ్లకి కట్టు లేదు, ఎదురుగా కత్తులూ లేవు, నడిస్తే బయటపడొచ్చు. అంటే 'నిన్నెవరూ ఆపలేదు, వెళ్లి అడుగు' అని కూడా చదవొచ్చు. కానీ అంత చదవాలంటే పక్కన ఇంకో రెండు ముక్కలుండాలి, ఏ స్థానంలో పడిందో చూడాలి, తలకిందులుగా పడిందేమో తేల్చాలి. ఒంటరి టారో ముక్క సగం వాక్యం. కింద క్యాబ్ హారన్ కొడుతుంటే మిగతా సగం పూరించే ఓపిక ఎవరికుంటుంది? ఒరాకిల్ ముక్క అలా కాదు, వాక్యం పూర్తిచేసే ఇస్తుంది. రోజువారీకి చాలామంది అటు మొగ్గడానికి అసలు కారణం ఇదే, ఇందులో నేను వెక్కిరించడానికి కూడా ఏమీ లేదు.

వెక్కిరించాల్సింది తర్వాత జరిగేదాన్ని. ఆవిడే మర్నాడు ఒరాకిల్‌కి మారి అదే ప్రశ్న అడిగితే 'విశ్రాంతి' వచ్చింది. సరే, లీవు ఖాయం. 'ధైర్యం' వచ్చి ఉంటే? అడగమనే అర్థం. 'నిన్ను నువ్వు నమ్ము' వస్తే? వేరే చెప్పాలా! ఏ ముక్క తీసినా జవాబు మారకపోతే ఆ కట్ట మనకి కొత్తగా చెప్పిందేమీ లేనట్టే. ఇలాంటి కట్టల్లో చాలావాటికి 'వద్దు' అనడం రాదు. చిలక జోస్యంలో చిలక కూడా అప్పుడప్పుడూ శని ఉందని చెబుతుంది పాపం. ఇంకో చిక్కుంది. ఒక ఒరాకిల్ కట్టతో ఏళ్లు గడిపినా, ఇంకోటి కొంటే మళ్లీ ఓనమాలే. టారో ఒకసారి వంటబడితే ఏ కట్టయినా దాదాపు అదే వ్యాకరణం.

అలాగని టారో పార్టీ నీతిమంతులేం కాదు. కత్తి పడగానే 'క్లారిఫయర్' అని ఇంకోటి తీస్తారు. అదీ నచ్చకపోతే దానికో క్లారిఫయర్. చివరికి కప్స్‌లో ఏదో నవ్వుముఖం దొరికేదాకా లాగి, ఆపైన కార్డులు చాలా క్లియర్‌గా చెప్పాయండీ అంటారు.

అందుకని అపార్ట్‌మెంట్ సెక్రటరీగారికి వినతిపత్రం ఇస్తున్నాను. తొమ్మిదిలోపు స్వార్డ్స్ తీయరాదు. క్లారిఫయర్ ఇంటికి ఒక్కటే, రెండోదానికి మెయింటెనెన్స్‌తో కలిపి వసూలు. ప్రతి ఒరాకిల్ కట్టలోనూ 'నోర్మూసుకుని పని చూసుకో' అనే ముక్క కనీసం ఒకటి తప్పనిసరి. ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లేవాళ్లు చారియట్, అంటే రథం ముక్క పడిందని మురిసిపోయి విజయయాత్ర అనుకోరాదు. స్మిత్ బొమ్మలో ఆ రథసారథి చేతిలో పగ్గాలే ఉండవు, మన క్యాబ్ డ్రైవర్ చేతిలో కనీసం రెండు ఫోన్లయినా ఉంటాయి.