ఎడమ సీటు ఉద్యోగం

కత్తి కథ చెప్పని టాక్సీ డ్రైవర్ ఈ భూమ్మీద ఉంటే చూపించండి, దండేసి దండం పెడతాను. మన తాతలు రంగం అని పిలిచిన బర్మా నగరం యాంగాన్‌లో కూడా దొరకలేదు. "పూర్వం కుడిచేతిలో కత్తి ఉండేది సార్, అందుకే గుర్రాన్ని ఎడమ పక్కన నడిపేవారు. ఇంగ్లీషువాళ్లు అదే ఇక్కడికి తెచ్చారు" అన్నాడు అక్కడి డ్రైవర్. ఇంగ్లండ్ రోడ్లన్నిటికీ ఎడమ పక్క చట్టమైంది 1835లో. అప్పటికే కత్తులు గోడలెక్కాయి. అయినా కత్తి లేనిదే కథ రక్తి కట్టదాయె!

"సరే, మరి స్టీరింగ్ కుడి పక్కనెందుకు?"

"ఎదురొచ్చే బండి కనపడాలి కదా సార్! డ్రైవర్ ఎప్పుడూ రోడ్డు నడిమి గీత వైపే కూర్చోవాలి."

నూటికి నూరు మార్కులు. చిక్కల్లా ఒకటే. ఆ మహానుభావుడు బండి నడుపుతున్నది రోడ్డుకి కుడి పక్కన. స్టీరింగూ కుడి పక్కనే. నడిమి గీత వైపు కూర్చున్నది నేను.

1970లో నె విన్ అనే సైనిక నియంత దేశాన్ని ఎడమ నుంచి కుడికి మార్చేశాడు. జ్యోతిష్కుడు చెప్పాడని కొందరు, కలొచ్చిందని కొందరు చెప్పుకుంటారు. బండ్లకు కల రాలేదు కాబట్టి స్టీరింగులు ఉన్నచోటే ఉన్నాయి. తర్వాత జపాన్ నుంచి వచ్చిపడిన సెకండ్ హ్యాండ్ కార్లూ అలాంటివే. స్వీడన్ కూడా 1967 సెప్టెంబరు 3న కుడికి మారింది. కానీ అక్కడ జనం కార్లకు అప్పటికే స్టీరింగ్ ఎడమ పక్కనుంది, కాబట్టి రోడ్డును బండికి తగ్గట్టు మార్చుకున్నారు. వీళ్లు సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టుకున్నారు.

ఊరు దాటాక ముందు ఒక లారీ, దాని మీద వెదురు బొంగులు. డ్రైవర్‌కి లారీ వీపు తప్ప ఏమీ కనపడదు. "సార్, చూడండి" అన్నాడు. మెడ చాచాను. "బస్సొస్తోంది!" ఆగాడు. "ఇప్పుడు?" "మోటార్‌సైకిల్!" "ఇప్పుడు?" "రా... వద్దు, వద్దు!" డబ్బులిచ్చి ఎక్కినవాణ్ని, క్లీనర్ కుర్రాడినైపోయాను. లైసెన్సు అతనిది, చూపు నాది, ప్రాణాలు ఉమ్మడి ఆస్తి.

నవ్వు వచ్చింది, దిగేదాకా. అలవాటుగా తలుపు తీయబోతే అతను నా భుజం పట్టి లాగాడు. అంగుళాల దూరంలో వ్యాను దూసుకుపోయింది. ఎడమ తలుపంటే నడిరోడ్డులోకే మరి. ఒక్కడు తన చిత్తం వచ్చినట్టు దేశాన్ని తిప్పేశాడు, సరే. ఆ తలుపులోంచి పిల్లల్ని ఎత్తుకుని దిగే తల్లులు వాడికి కనపడలేదా? ఎందుకు కనపడతారు! వాడికి ముందూ వెనకా పోలీసు బండ్లు, రోడ్డంతా ఖాళీ. ఓవర్‌టేక్ చేయాల్సిన లారీ వాడి జన్మలో ఎదురుపడి ఉండదు.

కుడి పక్క నుంచి పాకుతూ దిగి డబ్బులిచ్చాను. డ్రైవర్ చిల్లర లెక్కపెడుతూ, "మీరు బాగా చూస్తారు సార్. తిరిగి వెళ్లేది ఎప్పుడు?" అన్నాడు.