సవరణ: గడ్డ కట్టిన క్రియాటిన్ పారేయక్కర్లేదు

"అన్నా, విశాఖలో ఉంటాను. జిమ్ కోసం వాడే క్రియాటిన్ పొడి వానలకి గడ్డ కట్టింది. మీరు రాసినట్టు పారేయాలా?"

వద్దు తమ్ముడూ. "గడ్డ కడితే పారేయండి, ఫ్రిజ్‌లో పెట్టండి" అని నేను రాసిన రెండు మాటలూ తప్పే. క్షమించండి.

క్రియాటిన్ మోనోహైడ్రేట్ పొడి, తడి తగలనంతకాలం అంత తొందరగా చెడదు. 40 డిగ్రీల వేడిలో మూడేళ్లకు పైగా ఉంచి పరీక్షించినా చెప్పుకోదగ్గంత చెడలేదు. గాలిలో తేమకి పైపొర అతుక్కుంటే గడ్డ అవుతుంది, అంతే. చెంచాతో నొక్కి చూడండి. పొడిపొడిగా విరిగితే వాడుకోవచ్చు. గడ్డల్ని చెంచాతో కొలిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి 3-5 గ్రాములు తూచి వేసుకోండి.

నీళ్లలో కలిశాకే అది మెల్లగా క్రియాటినిన్ అనే పనికిరాని పదార్థంగా మారుతుంది. అందుకే తడి చెంచా పెట్టిన డబ్బాతోనే ప్రమాదం. పొడి ముద్దలా జిగటగా ఉన్నా, రంగు మారినా, పాడు వాసన వచ్చినా, బూజు కనిపించినా మొత్తం పారేయండి. పులుపు, తీపి కలిపిన ఫ్లేవర్ పొడులైతే తేమని ఇంకా తొందరగా పీలుస్తాయి.

ఫ్రిజ్ ఎందుకు వద్దంటే, చల్లటి డబ్బా బయట తెరవగానే లోపల చెమ్మ పడుతుంది. స్టవ్‌కి, సింక్‌కి దూరంగా బిగుతు మూత డబ్బాలో, సిలికా జెల్ పొట్లం తీయకుండా ఉంచండి.